ఊరు సుగ్గికి పోయింది

పోయినవేవో ముందు రాస్తాను. పన్నెండు ఇళ్ళవాళ్ళకు ఒక సుగ్గి పోయింది. ఆ ఇళ్ళలో పనిచేసే మనుషులు ముప్పై ఒక్కమంది. మనిషికి ఇరవై రెండు రోజుల పని పోయింది. కలిపితే ఆరు వందల ఎనభై రెండు కూలి దినాలు. కూలీలను కుదిర్చి తీసుకుపోయే మేస్త్రీ దగ్గర ఆ ఇళ్ళకు ఎన్నో ఏళ్ళుగా ఉన్న చోటు పోయింది. దారి ఖర్చుకని సంతలో తక్కువకు అమ్మిన మేకలు రెండు. మా చిన్నమ్మ నన్ను ‘అప్పా’ అని పిలిచే పిలుపు ఒకటి. ఈ చివరిదాన్ని ఏ వరుసలో వెయ్యాలో నాకు తెలియక విడిగా రాస్తున్నాను.

సుగ్గి అంటే మా పడమటి పల్లెల్లో వలస కూలి. కన్నడంలో ఆ మాటకు కోతల కాలమని అర్థం. అది మా వైపు వచ్చేసరికి, ఎవరి చేలోనో కోతకు మనం పోవడమని అర్థం మారింది. కోసిగి చుట్టుపక్కల వానకారు పంట ఇంటికి చేరగానే మేస్త్రీ లారీ వస్తుంది. వంట బోకులు, జొన్నపిండి మూటలు, పిల్లలు, గంప కింద కోళ్ళు అన్నీ ఎక్కుతాయి. గుంటూరు వైపు మిరప చేలల్లో దిగుతాయి. నేనూ చిన్నప్పుడు నాలుగుసార్లు ఆ లారీ ఎక్కాను, మా అమ్మ ఒడిలో ఒకసారి, మూటల మీద మూడుసార్లు. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో లెక్కలు రాసే పనికి కుదిరినప్పటి నుంచి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే మాది ఆదోనే అనేవాణ్ణి.

సినిమా లెక్కల్లోకి వచ్చింది కూడా మిల్లు నుంచే. ఒకసారి మిల్లు ఆవరణలో ఏదో సినిమా తీశారు. వాళ్ళ ప్రొడక్షన్ మేనేజరు రోజు ఖర్చు కూడి కూడి తప్పుతుంటే పక్కన నిలబడి సరిచేశాను. ఆయన పోతూ పోతూ తన దగ్గరున్న ఖాళీ పట్టీ ఒకటి జిరాక్సు తీసి ఇచ్చాడు. సీనుకు ఒక పట్టీ. పైన సీను నంబరు, లోపలా బయటా, పగలా రాత్రా, ఏ చోటు. కింద గళ్ళు: నటులు, జనం, ప్రాపర్టీ అంటే సామాన్లు, బండ్లు, జంతువులు, దుస్తులు, మేకప్పు, ప్రత్యేక అవసరాలు. అట్టడుగున ‘అడగవలసినవి’ అని ఒక గడి. స్క్రిప్టు చదువుతూ ఎర్ర పెన్సిలుతో నటుల కింద, పచ్చదానితో జనం కింద, ఊదారంగుతో వస్తువుల కింద గీతలు గియ్యాలి. గీసినవన్నీ పట్టీలోకి ఎక్కించాలి. పేజీని ఎనిమిది భాగాలు చేసి సీను పొడవు ఎన్ని భాగాలో రాయాలి. అన్ని పట్టీలూ అయ్యాక ఒకే చోటు సీన్లన్నీ ఒక కట్టగా చేర్చి ఎన్ని రోజుల పనో తేలుస్తారు. ఆ తరువాతే బడ్జెట్. పట్టీలో లేని వస్తువుకు బడ్జెట్‌లో డబ్బుండదు. పట్టీలో ఉన్న వస్తువుకు, సినిమాలో అది లేకపోయినా, డబ్బు పడుతుంది. ఈ రెండో సంగతి నేను అంత గట్టిగా పట్టించుకోలేదు.

చిన్న సినిమాలు రెండు మూడింటికి అలా పని చేశాక ఈ సినిమా వచ్చింది. దర్శకుడు కోస్తా అబ్బాయి. మాటలూ ఆయనే రాసుకున్నాడు. కథంతా మా వైపుదే. ఎమ్మిగనూరులో ఒక మగ్గాల ఇంటి మిద్దె మీద గది అద్దెకు తీసుకున్నాం. కింద మగ్గం ఆడుతుంటే మా బల్ల మీద పెన్సిళ్ళు చిన్నగా కదిలేవి. నాకు తోడుగా హైదరాబాదు నుంచి వచ్చిన సహాయ దర్శకురాలు ఒకామె ఉండేది. ఆమె స్క్రిప్టు చదివి వినిపిస్తే నేను పట్టీ నింపేవాణ్ణి. దర్శకుడు నటుల కోసం హైదరాబాదులో తిరుగుతున్నాడు. నిర్మాతకు వారంలో అంకె కావాలి.

నలభై ఆరో సీను దగ్గర ఆమె చదివింది.

“బయట. ఊరి వీధి. మధ్యాహ్నం. ఊరు సుగ్గికి పోయింది. అంతేనండి, ఇంకేం లేదు. పేజీలో ఎనిమిదో వంతు.”

“అంతేనా?”

“అంతే. సుగ్గి అంటే ఏంటి సార్?”

చెప్పాను. అయితే మా ఇంటి సంగతిగా చెప్పలేదు, ఈ వైపు జనం సంగతిగా చెప్పాను. చెబుతూనే పట్టీ నింపడం మొదలుపెట్టాను. జనం ముప్పై మంది పైన. లారీ ఒకటి. మేకలు నాలుగు. కోళ్ళగంప. జొన్నపిండి మూటలు, నీళ్ళ బిందెలు, చుట్టిన ఈతచాపలు, సత్తు బోకులు. లారీ వెనక తలుపుకు కట్టిన చీర ఉయ్యాల. అరుగు మీద నిలబడిపోయిన ముసలివాళ్ళు. నా పెన్సిలు ఆగలేదు. అంతకుముందు నలభై అయిదు సీన్లకు నేను రాసింది ఒక ఎత్తు, ఆ ఒక్క పట్టీ ఒక ఎత్తు. ఆమె వంగి చూసి, “మీకు ఇవన్నీ ఎలా తెలుసు సార్? స్క్రిప్టులో ఒక్క మాటే కదా ఉంది” అంది. పొగడ్త అనుకున్నాను. అది ప్రశ్న అని తరువాత తెలిసింది.

పైన ‘మధ్యాహ్నం’ అని ఉన్నది కొట్టేసి ‘తెల్లవారుజాము’ అని రాశాను.

“సార్, మధ్యాహ్నం అని కదా రాసింది ఆయన?”

“అమ్మా, మిట్టమధ్యాహ్నం ఏ మేస్త్రీ లారీ కదల్చడు. కోస్తా ఆయనకు తెలీదులే. మనం సరిచెయ్యాల.”

“అడగవలసినవి గడిలో రాయనా?”

“దీన్ని అడగడమెందుకు?”

పన్నెండో సీనులో సైకిలు ఆడవాళ్ళదా మగవాళ్ళదా అని అదే గడిలో రాశాను. ముప్పై మూడో సీనులో టీ గాజు గ్లాసులోనా కాగితం గ్లాసులోనా అని రాశాను. నలభై ఆరు దగ్గర ఆ గడి ఖాళీగా వదిలాను. పట్టీ రాసేవాడు కాగితంలో ఉన్నది విడగొట్టాలి. అందులో లేనిది చేర్చకూడదు, ఉన్నది దిద్దకూడదు. ఆ పట్టీ ఇచ్చిన మేనేజరు నాకు చెప్పిన మొదటి మాట అదే. నాకు తెలిసిన మాట కాబట్టి నన్నెవరూ అడగక్కర్లేదు, నేనెవరినీ అడగక్కర్లేదు అనుకున్నాను.

అన్ని పట్టీలూ కూడాక జనానికీ బండ్లకీ డబ్బు ఎక్కువైంది. నిర్మాత తగ్గించమన్నాడు. అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది, ఆ రోజు దాన్ని తెలివి అనుకున్నాను. నటించే జనాన్ని ఊరు కాని ఊరి నుంచి తేవడమెందుకు, నిజంగా సుగ్గికి పోయేవాళ్ళనే ఆపితే? వాళ్ళ బోకులు వాళ్ళవే, మేకలు వాళ్ళవే, చాపలు వాళ్ళవే. ప్రాపర్టీ గడి మొత్తం ఖర్చు లేకుండా తేలిపోతుంది. సీను అయిపోయాక అదే లారీలో వాళ్ళను గుంటూరు దించవచ్చు. ఒక్క బాడుగకు రెండు పనులు. బడ్జెట్‌లో నలభై ఆరో సీను ఖర్చు సగం కన్నా తగ్గింది. ఆ కాగితం దర్శకుడికి పంపితే ఆయన చివరి మొత్తం చూసి ‘బాగుందండి’ అని ఫోనులో చెప్పాడు. లారీ ఆయనకు కనపడలేదు. రవాణా మొత్తంలో అది కలిసిపోయింది.

ఆ వీధికి దర్శకుడు ముందే ఎంచుకున్న ఊరు కోసిగి దగ్గరిది, మా చిన్నమ్మ వాళ్ళ ఊరే. మా అమ్మకు చెల్లెలు, ఇప్పటికీ సుగ్గికి పోతుంది. ఆమె మాట అంటే ఆ వాడలో పది ఇళ్ళు వింటాయి. వీధిలో నలుగురైదుగురు ఆడవాళ్ళు వేరుశనక్కాయలు ఒలుస్తుండగా వెళ్ళి కూర్చున్నాను.

“సినిమాలో మేమేం సెయ్యల్లప్పా?” అంది చిన్నమ్మ.

“ఏం లేదు చిన్నమ్మా. మీరు సుగ్గికి ఎట్ల పోతారో అట్ల లారీ ఎక్కి పోవల్ల. అంతే.”

“దానికి దుడ్లిస్తారా?”

“రెండు దినాల కూలి ఇస్తారు.”

“నిజంగా పోయేటప్పుడు ఎవుడూ పైసా ఇయ్యకపాయె. ఉత్తుత్తగా పోతే ఇస్తారంటనే.”

పక్కనున్నామె, “మా ఆయప్ప మొగం గూడా పడతాదా అన్నా?” అని అడిగింది.

“ఆయప్ప మొగం పడితే ఇంగ సినిమా ఆడినట్లే” అని చిన్నమ్మే జవాబిచ్చింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మేస్త్రీ అక్కడే బైకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తన లారీ ఇంక నాలుగు రోజుల్లో కదలాలి. మా షూటింగు ఆ తరువాత ఎనిమిది రోజులకు.

“ఎనిమిది దినాలు నేను నిలపలేనన్నా,” అన్నాడు. “కాయ పండిందంటే రైతు ఆగడు. వీళ్ళు రాకుంటే ఇంగో గుంపును దింపుకుంటాడు. మళ్ళ నన్ననగాకండి.”

చిన్నమ్మ నా వైపు చూసింది. “నువ్ లెక్క తెలిసినోడివి. నువ్ సెప్పప్పా. నిలబడొచ్చునా?”

చెప్పాను. ఎనిమిది రోజులు ఆలస్యం. అందులో రెండు రోజుల కూలి ఇక్కడే వస్తుంది. మేస్త్రీ కూలిలో పట్టుకునే లారీ బాడుగ మిగులుతుంది. మనిషికి లెక్క వేస్తే పెద్దగా నష్టమేమీ లేదు. వేళ్ళ మీద చూపించాను. నా లెక్కలో కూడిక తప్పలేదు. లారీ ఉంటుందన్న దాని మీదే ఆ లెక్కంతా నిలబడింది. లారీ ఒక సీను మీద, ఆ సీను ఒక మాట మీద.

“సరే, నిలబడతాం,” అంది చిన్నమ్మ. పన్నెండు ఇళ్ళు ఆగాయి. మిగతా వాడ నాలుగు రోజులకు మేస్త్రీ లారీలో పోయింది.

షూటింగుకు ముందు రోజు పొద్దున దర్శకుడు, కెమెరా ఆయన, సహాయ దర్శకురాలు, నేను ఊళ్ళోకి వచ్చాం. దర్శకుడు వీధి మొదట్లో జీపు దిగి నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. అరుగుల మీద మూటలు కట్టి సిద్ధంగా పెట్టి ఉన్నాయి. ఆడవాళ్ళు తలలు దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకుని కూర్చున్నారు. రేపటికి ఇవాళే సిద్ధమయ్యారు.

“వీళ్ళంతా ఇంకా ఇక్కడే ఉన్నారేంటండీ?” అన్నాడు దర్శకుడు. “సుగ్గికి వెళ్ళలేదా?”

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆయనే మళ్ళీ అన్నాడు.

“పోయిన ఏడాది ఇదే నెలలో లొకేషన్లు చూసుకుంటూ ఈ వీధిలోకే వచ్చానండీ, మధ్యాహ్నం పూట. ఒక్క మనిషి లేడు. తలుపులన్నీ మూసున్నాయి. ఎండ, అరుగులు, ఒక కుక్క. ఎవరూ లేరేంటి అని ఊరి చివర కనపడిన ఒక ముసలాయన్ని అడిగితే, ఊరు సుగ్గికి పోయింది అన్నాడు. ఆ మాట కోసమే ఈ సినిమా తీస్తున్నా. ఖాళీ ఊరు కావాలి నాకు.”

పోయింది. కదిలి పోతున్నప్పుడూ పోయింది అనే అంటాం, పోయి ఇక్కడ లేనప్పుడూ పోయింది అనే అంటాం. మధ్యాహ్నం అని ఆయన సరిగ్గానే రాశాడు. లారీ కదిలిపోయి ఎన్నో రోజులైన తరువాతి మధ్యాహ్నం అది. నేను ఆపకపోతే ఆ పూట ఆ వీధి ఆయనకు కావలసినట్టే ఉండేది, పైసా ఖర్చు లేకుండా.

అప్పుడు నేను చెప్పవలసిన మాట ఒకటే. నేనే ఆపాను సార్ అని. చిన్నమ్మ పది అడుగుల దూరంలో, నా వైపే చూస్తూ నిలబడి ఉంది.

“ఈ ఏడు కొందరు ఆగిపోయినారు సార్” అన్నాను.

సహాయ దర్శకురాలు చేతిలో కట్ట తిరగేసి నలభై ఆరో పట్టీ తీసింది. దర్శకుడు తీసుకుని చదివాడు. “లారీ. మేకలు. చీర ఉయ్యాల. ఇదంతా ఎవరు రాశారు?” ఆయన గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

“జాగ్రత్తకు రాసుకున్నాం సార్.”

రాసుకున్నాను అనలేదు, రాసుకున్నాం అన్నాను. పక్కనున్న ఆ అమ్మాయి తల ఎత్తి నన్ను చూసి దించుకుంది. ఆమె ఆ రోజు నా మీద ఒక్క మాట చెప్పలేదు. ఆ తరువాత నాతో ఏ సినిమాకూ పని చెయ్యలేదు.

“అయితే ఇవేవీ వద్దు. లారీ రద్దు చేసేయండి. వీళ్ళకు ఒకరోజు కూలి ఇచ్చి, రేపు మధ్యాహ్నం రెండు గంటలు కెమెరా వెనక ఉండమనండి. తలుపులకు తాళాలు కావాలి.”

లారీ ఆయనకు ఫోను చేసి వద్దని చెప్పింది నేనే. ఆ బాడుగ నా బ్యాంకులో ఉన్న డబ్బుతో నేను కట్టగలిగేవాణ్ణి. కడితే ఎందుకు కట్టావని అడుగుతారు, అడిగితే చెప్పాలి. కట్టలేదు.

తాళాల కోసం ఆదోని పోయాను. ఆ ఇళ్ళకు తాళాలుండవు. సుగ్గికి పోయినా ఎవరో ఒక ముసలివాళ్ళు ఇంట్లో మిగులుతారు, లేకపోతే గొళ్ళేనికి తాడు కట్టిపోతారు. ఆయనకు తాళాలే బాగుంటాయనిపించింది. పాత బజారులో పన్నెండు తాళాలు కొని బిల్లు తీసుకున్నాను. కొత్తవి మెరుస్తుంటే సహాయ దర్శకురాలు బూడిద, మట్టి కలిపి రుద్దింది. నలభై ఆరో పట్టీని కొత్తగా ఆమే రాసింది. నటులు: లేరు. జనం: లేరు. ప్రాపర్టీ: పాత తాళాలు పన్నెండు. జంతువులు: కుక్క, దొరికితే.

మరునాడు మధ్యాహ్నం ఆ ముప్పై ఒక్కమందీ, వాళ్ళ పిల్లలూ కెమెరా వెనక వేపచెట్టు నీడన మూటల పక్కన నిలబడ్డారు. మాట్లాడవద్దని చెప్పాం. ఎదురుగా వాళ్ళ వీధి, వాళ్ళ తలుపులు, వాటికి మేము వేసిన తాళాలు. ఎవరూ లేని ఊరును ఆ ఊరివాళ్ళంతా ఊపిరి బిగపట్టి చూశారు. ఒక కోడిపుంజు అరిచినందుకు రెండోసారి తీశారు.

కట్ అన్నాక చిన్నమ్మ అడిగింది.

“తాళంసెవులు యాడుండాయి?”

“నా దగ్గరే చిన్నమ్మా.”

“లారీ ఎప్పుడొస్తాది?”

చెప్పాను. ఆ సీను మారిపోయిందని, లారీ లేదని.  ఆమె తాళంచెవుల గుత్తి నా చేతిలోంచి తీసుకుని ఒక్కొక్కరికీ పంచింది. ఏ చెవి ఏ తాళానిదో తెలియక అందరూ తలుపుల దగ్గర మార్చి మార్చి తిప్పుకుంటున్నారు. అప్పుడు నా దగ్గరికి వచ్చి, చాలా మెల్లగా అడిగింది.

“మేమే ఆగిపోయినామా?”

నేను జేబులో తాళాల బిల్లు తడుముకున్నాను.

“ఆ సారుతో అట్లంటివే. మేమే ఆగిపోయినామని. నువ్ నిలబడమంటేనే గదప్పా నిలబడినాం.”

నన్ను ‘అప్పా’ అని పిలవడం అదే చివరిసారి.

ఆ రెండు మేకలూ అమ్ముకుని, చేతికొచ్చిన ఒకరోజు కూలితో రెండు రోజుల తరువాత కోసిగిలో రైలెక్కారు. మేస్త్రీ చెప్పినట్టే ఆ రైతు చేలో వేరే గుంపు దిగి ఉంది. ఊరూరూ తిరిగి, ముగ్గురొక చోట నలుగురొక చోట చెదిరిపోయి పని దొరకబుచ్చుకున్నారు. ఎవరికెన్ని రోజులు పోయాయో వాళ్ళు తిరిగొచ్చాక ఇంటింటికీ పోయి అడిగి రాసుకున్నాను. సగటున ఇరవై రెండు. మరుసటి ఏడు మేస్త్రీ లారీలో వాళ్ళకు చోటు దొరకలేదు. అడిగితే, “సినిమా వాళ్ళు గదా మీరు” అన్నాడట.

సినిమా వచ్చింది. పెద్దగా ఆడలేదు గానీ చూసినవాళ్ళు ఆ ఖాళీ వీధి గురించే మాట్లాడారు. నేను ఫోనులో చూశాను. తాళాలు నిజంగానే పాతవాటిలా కనిపించాయి.

నేనిప్పుడూ పట్టీలు రాస్తున్నాను. ఏటా లారీ వచ్చే ముందు చిన్నమ్మ వీధికి పోయి, కూలి దినానికి అయిదు వందల చొప్పున ఎన్ని ఇవ్వగలిగితే అన్ని రోజులు ఇచ్చి వస్తాను. మొదటి ఏడు ఆ సినిమాకు నాకు వచ్చిన జీతమంతా ఇచ్చాను, నూట ఇరవై రోజులకు సరిపోయింది. కంపెనీ ఇచ్చింది మనిషికి ఒకరోజు, ముప్పై ఒకటి. ఆ తరువాత మూడేళ్ళలో కొంచెం కొంచెంగా నూట పదమూడు. చిన్నమ్మ ఆ డబ్బు కాదనదు, ఇంటింటికీ పంచుతుంది, తన వంతూ తీసుకుంటుంది. మొన్న పోయినప్పుడు వీధిలో ఎవరితోనో అంటోంది.

“లెక్కలాయన వచ్చినాడు, సాప ఎయ్యండి.”

కూర్చున్నాను. డబ్బు ఇచ్చాను. ఆమె ఎంచి కొంగున ముడేసుకుంది.

“ఇంగ ఎన్నుండాయి?” అంది.

“నాలుగు వందల పద్దెనిమిది దినాలు, చిన్నమ్మా.”